గుడ్ల అట్ట 129కి అమ్మేవాడితో నేనూ పోటీ పడాలా?

గట్టుమీద కిరాణా:
తణుకు దగ్గర పల్లెటూరు మాది. 22 ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నా. మెయిన్ రోడ్డు మీద కొత్తగా వచ్చిన పెద్ద స్టోరు మూడు వారాలుగా ఆదివారం పూట గుడ్ల అట్ట 129 రూపాయలకి ఇస్తోంది. మొన్న ఆదివారం గుడ్ల కమిటీ రోజూ ప్రకటించే నెక్ రేటు వందకి 550. అంటే 30 గుడ్లకి ఫారం దగ్గరే 165 అయ్యింది. నాకు కొట్లోకి వచ్చేసరికి 170 పడుతుంది, 180కి అమ్ముతాను. తెలిసి తెలిసి అట్టకి ముప్పై పైన ఎందుకు పోగొట్టుకుంటున్నాడు? నేనూ తగ్గించాలా? అసలు ఇలా అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుందా?

స్టాకిస్టు మావయ్య:
ఎవడూ సొంత డబ్బులు పోగొట్టుకోడు తమ్ముడూ. 30 ఏళ్ళుగా సబ్బులు, టీ పొడి పంచుతున్నాను, నాకు తెలియనిదా. నువ్వు ఆఫర్ బోర్డు ఒక్కటే చూస్తున్నావు, వెనకాల కంపెనీ స్కీము ఉంటుంది. పది కేసులకి ఒక కేసు ఫ్రీ, ర్యాక్ లో ఎదురుగా పెట్టినందుకు నెలకింత, పండక్కి టార్గెట్ కొడితే ఇంకొంత. ఇవన్నీ కలిపితే వాడికి పడే రేటు నీ బిల్లు మీద ఎప్పుడూ కనపడదు. అది నష్టం కాదు, కంపెనీ డబ్బు.

ఆరేళ్ళు పర్చేజ్:
మావయ్య గారు చెప్పింది సబ్బులకీ, డిటర్జెంటుకీ నూటికి నూరు పాళ్ళూ నిజం. 'నష్టానికి' అమ్మే వాటిలో చాలా వాటికి ఆ నష్టం కంపెనీయే కడుతుంది. కానీ గుడ్డుకి కంపెనీ ఏదండీ? స్కీము ఇచ్చేవాడు లేడు, ర్యాక్ అద్దె కట్టేవాడు లేడు. ఆ పోయేది స్టోరు జేబులోంచే.

ఇదే జిల్లాలో ఒక సూపర్ మార్కెట్ లో ఆరేళ్ళు సరుకు కొనే పని చేశాను, పేరు వద్దు. సరిగ్గా ఈ గుడ్ల ఆఫరే మేమూ పెట్టాం. అందుకని ఒక ఆదివారం లెక్క చెప్తాను. అంకెలు మీ రేటుకి సరిపోయేలా సర్దాను, పద్ధతి మాత్రం మేం చేసిందే.

స్టోరు బండి పెట్టి ఫారం నుంచి నేరుగా తెచ్చుకుంటుంది కాబట్టి నెక్ రేటు మీద కాస్త తగ్గించే కొంటుంది. గుడ్డు 5.30 అనుకోండి, అట్ట 159. బండి కిరాయి, పగిలినవీ కలిపి 163. అమ్మేది 129కి, పోయేది 34. మనిషికి ఒక్క అట్టే అని రూలు పెట్టి ఆ రోజు 300 అట్టలు అమ్మితే 10,200 రూపాయలు పోయినట్టు.

ఆ 300 బిల్లుల్ని మేం మూడు కుప్పలు చేసేవాళ్ళం. బిల్లు దగ్గర ఫోన్ నంబరు అడుగుతారు కదా, అది ఇందుకే పనికొస్తుంది. గుడ్లు తప్ప ఇంకేమీ లేని బిల్లులు 60. ఆఫర్ లేకపోయినా ఆ వారం వచ్చే పాత నంబర్లు 150. గుడ్ల కోసం వచ్చి, ఎటూ వచ్చాం కదా అని వేరే సరుకు కూడా కొన్న కొత్త మొహాలు 90. ఆఫర్ పెట్టింది ఈ 90 మంది కోసమే. వాళ్ళు గుడ్లు కాక సగటున 900 రూపాయల సరుకు కొంటారు. పప్పు, నూనెల మీద మార్జిన్ తక్కువ, బిస్కెట్లు, మసాలాలు, ప్లాస్టిక్ బకెట్ల మీద ఎక్కువ. అన్నీ కలిపి నూటికి 14 వేసుకుంటే మనిషికి 126. 90 మందికి 11,340.

అంటే 1,140 మిగిలిందని మా ఓనరు మొదటి వారం చాలా సంబరపడ్డాడు. ఒకటి మర్చిపోయాడు. ఆ 150 మంది పాతవాళ్ళలో ఓ వంద మంది ఆ రోజు ఎలాగూ మామూలు రేటుకే గుడ్లు కొనేవాళ్ళు, అట్టకి 12 మిగిలేది. ఆ 1,200 కూడా పోయింది. ఇక లెక్క తేలింది 60 రూపాయల నష్టం.

గోదారి కుర్రోడు:
60 రూపాయల నష్టానికా ఇంత హడావుడి? పైగా ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిరిగారు.

ఆరేళ్ళు పర్చేజ్:
ఆదివారం లెక్క ఆదివారంతో ముగియదు బాబూ. ఆ 90 మందిలో ఓ 20 ఇళ్ళు వచ్చే నెల ఒకటో తారీఖున, ఆఫర్ లేకుండా, నెల సరుకులకి వచ్చారనుకో. ఇంటికి 4,000 సరుకు, 14 వంతున 560 మిగులు. 20 ఇళ్ళకి నెలకి 11,200, అదీ ప్రతి నెలా. స్టోరు కొంటున్నది ఆ 20 ఇళ్ళని. పాంప్లెట్లు వేసినా, మైకు తిప్పినా ఖర్చే. ఆ ఖర్చు గుడ్డు మీద పెడితే చేతికి వస్తువు అందుతుంది, పదిమందీ చెప్పుకుంటారు.

మరి గుడ్డే ఎందుకంటే, మన దగ్గర గుడ్డు రేటు తెలియనివాళ్ళు ఉండరు. తణుకు, అనపర్తి పక్క పుట్టినవాడికి పొద్దున్నే నెక్ రేటు ఫోన్లోకి వచ్చేస్తుంది. 129 అని చూడగానే నష్టానికి ఇస్తున్నాడని ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైపోతుంది. అదే జీలకర్ర ముప్పై రూపాయలు తగ్గించండి, ఒక్కరు పట్టించుకుంటే ఒట్టు. జీలకర్ర కిలో ఎంతో ఎవరికి గుర్తుంటుంది? ఇంకోటి, గుడ్డు నెలల తరబడి దాచుకునేది కాదు, ఎండాకాలమైతే మరీ. అందుకే పది అట్టలు పట్టుకుపోయి అటక మీద పెట్టుకోరు, మళ్ళీ వచ్చే వారం రావలసిందే.

ఇదే డెల్టాలో బియ్యం మీద ఆఫర్ పెట్టి చూడండి, నవ్వుతారు. సగం ఇళ్ళకి చేలోంచో, కౌలు కిందో, మిల్లు నుంచో బస్తా వచ్చేస్తుంది. అమలాపురంలో కొబ్బరికాయ సగం ధరకి ఇచ్చినా అంతే. పైనుంచి వచ్చిన ఒక మేనేజరు మా చేత కార్తీకంలో గుడ్ల ఆఫర్ పెట్టించాడు. మార్గశిరం వచ్చాక కూడా ఆ అట్టలు అలాగే ఉన్నాయి. అవి ఏం చేశామో అడక్కండి.

పాలకొల్లు కోడలు:
అన్నయ్య గారూ, నేను ఆ మూడో కుప్పలో మనిషినే అనుకుంటా. మా ఊళ్ళో స్టోర్లో కూడా ఇదే జరుగుతోంది. గుడ్లు ఒక్కటీ తెచ్చుకుని వచ్చేద్దామని మా ఆయన బండి మీద వెళ్ళాం. గుడ్లేమో ఆ చివర, ఫ్రిజ్ ల అవతల పెట్టాడు. అక్కడిదాకా నడిచి వచ్చేసరికి ఇడ్లీ రవ్వ, పిల్లకి టిఫిన్ బాక్సు, ఒక బకెట్టు, నాకే గుర్తులేని ఇంకేవో. బిల్లు 1,140 అయ్యింది. ఇంటికొచ్చాక అత్తయ్య గారు అడిగారు, గుడ్ల మీద ఎంత మిగిలిందమ్మా అని. 😀 కానీ నన్నెవరూ మోసం చేశారని నేను అనుకోను. బకెట్టు అవసరమే.

రిటైర్డు లెక్చరర్:
చర్చ దారి తప్పుతోంది. రేటు తగ్గిందంటే సరుకు పాతదని అర్థం. డేట్ దగ్గర పడిన సరుకు వదిలించుకోవడం అన్ని స్టోర్లూ చేసే పనే. గుడ్డుని నీళ్ళలో వేయండి. తాజాదైతే అడుగున పడుకుంటుంది, పాతబడినకొద్దీ లోపల గాలి పెరిగి తేలుతుంది. సైజు కూడా చూడండి. కొత్తగా గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన పెట్టల గుడ్లు చిన్నవి, వాటికి రేటు తక్కువ.

గోదారి కుర్రోడు:
మాస్టారూ, ఆయన అడిగింది గుడ్లు మంచివా కాదా అని కాదు.

మూడు షెడ్ల రైతు:
మాస్టారు అన్నదాంట్లో ఒక పాయింటు ఉందండి, తర్వాత చెప్తాను. ముందు నా బాధ చెప్పనివ్వండి. ఈ 129 బోర్డు మా నెత్తి మీద పడుతుంది. నెక్ రేటు 550 అని పేపర్లో వేస్తారు, వ్యాపారి వచ్చి గుడ్డుకి ఇరవై పైసలు తీసేసి కొంటాడు. ఇప్పుడు కొత్త మాట నేర్చాడు, 'స్టోర్లోనే గుడ్డు 4.30కి దొరుకుతోంది, నీకు 5.50 ఎవడిస్తాడు' అని. స్టోరు సొంత డబ్బు పోగొట్టుకుని పెట్టిన రేటు, మా సరుకు అసలు విలువలా చూపిస్తున్నారు. మొక్కజొన్న, సోయా రేట్లు అడిగేవాడు లేడు.

ఆరేళ్ళు పర్చేజ్:
వ్యాపారి బేరానికి ఆ బోర్డు చూపిస్తాడు, కాదనను. కానీ స్టోరు 300 అట్టలు అంటే 9,000 గుడ్లు, అదీ వారానికి ఒక్క రోజు. మీ మూడు షెడ్లలో ఎన్ని గుడ్లు వస్తాయో మీకే తెలుసు. ఇక్కడి గుడ్డులో చాలా భాగం లారీలెక్కి పై రాష్ట్రాలకి పోతుంది. అక్కడ గిరాకీ తగ్గితే మీ రేటు పడుతుంది గానీ, తణుకులో ఒక బోర్డుతో పడదు.

మూడు షెడ్ల రైతు:
మీరు కుర్చీలో కూర్చుని కొన్నారు, నేను షెడ్డు దగ్గర నిలబడి అమ్ముతున్నాను. బేరం ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు.

భీమవరం చెరువు:
మా రొయ్యల మేత షాపుల్లోనూ ఇదే కథ. మేత బస్తా మీద షాపువాడు తన కమిషన్ కూడా వదిలేసి ఇస్తాడు. కానీ మినరల్స్, ప్రోబయోటిక్స్, మందులు వాడి దగ్గరే కొనాలి. పంట చివర ఆ బిల్లు చూసి గుండె ఆగినంత పనయ్యింది నాకు. కాబట్టి గుడ్ల దగ్గర కూడా జాగ్రత్త.

ఆరేళ్ళు పర్చేజ్:
మీది దగ్గరి చుట్టమే గానీ ఇది కాదండి. మీరు మేత అప్పు మీద తెస్తారు, పంట అయ్యేదాకా ఆ షాపు వదిలి పోలేరు. ఆదివారం గుడ్లు కొన్నవాడిని ఎవరూ కట్టేయలేదు, అట్ట పట్టుకుని బయటికొచ్చేయొచ్చు. ఆ 60 మంది చేసింది అదే. స్టోరుకి అసలు భయం వాళ్ళతోనే. ఏడో వారానికి మా దగ్గర ఆ 60 కాస్తా 130 అయ్యింది. కొందరు ఇంట్లో నలుగుర్నీ నాలుగు లైన్లలో నిలబెట్టేవారు. పక్క ఊరి టిఫిన్ సెంటరు కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి వరసగా పట్టుకుపోయేవారు. ఈ లోగా రోడ్డుకి అవతల స్టోరువాడు ఉల్లిపాయలు పెట్టాడు. మావాళ్ళు అటు, వాళ్ళవాళ్ళు ఇటు. కొత్త మొహాలు ఎవరికీ మిగల్లేదు, నష్టం మాత్రం ఇద్దరికీ మిగిలింది.

అప్పుడు '500 దాటిన బిల్లుకే' అని షరతు పెట్టాం. ఒట్టి గుడ్ల బిల్లులు పోయాయి, జనం కూడా పల్చబడ్డారు. ఆలోచిస్తే అది ఇక గుడ్ల ఆఫర్ కాదు. 500 బిల్లు మీద 34 తగ్గించడం, అంటే దాదాపు 7 శాతం డిస్కౌంటు. ఆ మాట అలాగే బోర్డు మీద రాస్తే ఎవరూ రారు.

నరసాపురం ప్లీడరు:
చట్టం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఎమ్మార్పీ కన్నా ఎక్కువకి అమ్మితే తప్పు, తక్కువకి అమ్మితే కాదు. కొన్న రేటు కన్నా తక్కువకి అమ్మకూడదని కిరాణా సరుకులకి మన దగ్గర విడిగా చట్టం లేదు. ఉన్నది 2002 నాటి పోటీ చట్టం, అందులో సెక్షన్ 4. దాని ప్రకారం ఖర్చు కన్నా తక్కువకి అమ్మడం ఒక్కటే సరిపోదు. ఆ సంస్థకి మార్కెట్లో ఆధిపత్యం ఉండాలి, పోటీని తగ్గించడానికో పోటీదారుల్ని లేపేయడానికో అమ్మినట్టు ఉండాలి.

గట్టుమీద కిరాణా:
మా ఊరి రోడ్డు మీద అంత పెద్ద కొట్టు వాడిదొక్కటే కదండీ. అది ఆధిపత్యం కాదా?

నరసాపురం ప్లీడరు:
మార్కెట్ అంటే ఎంతమేర అన్నది కూడా తేల్చాలి, ఒక్క ఊరుగా చూడాలని వాదించడం అసాధ్యమేమీ కాదు. కానీ చుట్టూ మీలాంటి కొట్లు పది ఉన్నాయి, తణుకు దగ్గరే ఉంది. వారానికి ఒక రోజు ఒక్క వస్తువు మీద ఇచ్చే ఆఫర్ తో ఆ వాదన నిలబెట్టడం కష్టం.

బయట దేశాల్లో అన్నిచోట్లా ఇలా లేదు. ఫ్రాన్సులో నష్టానికి తిరిగి అమ్మడం 1963 నుంచీ నేరం. త్వరగా పాడైపోయే సరుకుకి మినహాయింపు ఉంది, అదీ కొట్టు బయట ప్రచారం చేయకపోతేనే. జర్మనీలో 2000లో పోటీ వ్యవహారాలు చూసే ఆఫీసు వాల్ మార్ట్, ఆల్డి నార్డ్, లిడిల్ చేత పాలు, వెన్న లాంటి వాటి రేట్లు పెంచించింది.

గోదారి కుర్రోడు:
అంటే జనానికి చౌకగా ఇస్తుంటే ప్రభుత్వం వచ్చి పెంచమంది! ఇదెక్కడి న్యాయం సార్?

నరసాపురం ప్లీడరు:
ఆ రోజు చౌకే. పక్క కొట్లు మూతపడ్డాక రేటెంత అన్నది వాళ్ళ ప్రశ్న. నా మటుకు నాకు, గుడ్ల అట్టకి అంత చట్టం అక్కర్లేదు. మా తమ్ముడికి కిరాణా కొట్టు ఉంది, వాడు నాతో ఒప్పుకోడు.

స్టాకిస్టు మావయ్య:
సరే, గుడ్డుకి కంపెనీ లేదు, ఒప్పుకున్నాను. కానీ ఆ 34 బకెట్టు మీద వేసే ఉంటాడు, చూడండి.

ఆరేళ్ళు పర్చేజ్:
కొన్నిచోట్ల వేస్తారు మావయ్య గారూ. రేటు గుర్తుండని వస్తువు మీద ఐదూ పదీ పెంచితే ఎవరికీ తెలియదు. మేం పెంచలేదు అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

ఇక కిరాణా అన్నయ్యకి నా మాట. మీరు 129కి దిగకండి. మీ దగ్గర అట్ట కొనేవాడు వేరు, సాయంత్రం నాలుగు గుడ్లు కొనేవాడు వేరు. నాలుగు గుడ్ల కోసం ఎవరూ మెయిన్ రోడ్డెక్కరు. వారానికి మీ దగ్గర అట్టలు ఎన్ని తగ్గాయో, ఆ ఇళ్ళు మిగతా సరుకు మీ దగ్గరే తీసుకుంటున్నాయో లేదో ఖాతా పుస్తకంలో చూడండి. గుడ్లు పోతే పోనివ్వండి. పప్పు, నూనె కూడా అటు పోయాయంటే అప్పుడు ఆలోచించాలి.

గట్టుమీద కిరాణా:
నిన్న రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. వారానికి 25 అట్టలు పోయేవి, ఇప్పుడు 16. తొమ్మిది తగ్గాయి, అట్టకి పది చొప్పున 90 రూపాయలు. నేనూ 129 పెడితే ఒక్కో అట్టకి 41 చొప్పున 25 అట్టలకి 1,025 పోతుంది. 90 కాపాడుకోవడానికి వెయ్యి! మొన్న కోపంలో ఆ పని చేసేసేవాడినే, మా ఆవిడ ఆపింది. విడి గుడ్ల అమ్మకం తగ్గలేదు. ఆ తొమ్మిది ఇళ్ళలో ఆరు ఇళ్ళు ఖాతా మీద ఇప్పటికీ సరుకు తీసుకుంటున్నాయి. మూడు ఇళ్ళు మాత్రం ఈ నెల అసలు కొట్టు మెట్లెక్కలేదు. అందులో ఒకాయన పాత బాకీ ఉన్నాడు, అందుకే మొహం చాటేశాడేమో చెప్పలేను.

ఇంకోటి. లెక్చరర్ గారి మాట పట్టుకుని నిన్న ఆదివారం నేనే వెళ్ళి ఒక అట్ట కొనుక్కొచ్చాను. నీళ్ళలో వేస్తే అన్నీ మునిగాయి, గుడ్లు తాజావే. కాటా మీద పెడితే 1 కిలో 385 గ్రాములు. మా కొట్లో అట్ట పెట్టాను, 1 కిలో 625. రెండూ అట్టతో సహా. మొదటి వారం మా పక్కింటాయన తెచ్చినవి మామూలు సైజే, నా కళ్ళతో చూశాను.

రిటైర్డు లెక్చరర్:
నేను చెప్పలేదూ!

ఆరేళ్ళు పర్చేజ్:
మీరు పాత గుడ్లన్నారు మాస్టారూ. అయినా ఒప్పుకోవాలి, కాటా మాట నాకు తట్టలేదు. మొదటి రెండు వారాలూ నిజంగా నష్టపోయి జనాన్ని తెచ్చుకుని, ఇప్పుడు అదే బోర్డు కింద చిన్న గుడ్డు పెట్టినట్టున్నాడు. అలాగైతే వాడికి అట్టకి పోయేది 34 కాదు. ఐదో ఆరో కావచ్చు, అసలు పోకపోవచ్చు కూడా. ఫారం వాడు ఎంతకిచ్చాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

పాలకొల్లు కోడలు:
అయ్యో, నేను తెచ్చినవి కూడా చిన్నవే అనిపించింది. ఆమ్లెట్ కి రెండు సరిపోయేవి, మూడు పట్టాయి. పిల్లకి ఆకలెక్కువైందనుకున్నాను.

మూడు షెడ్ల రైతు:
ముందు చెప్తానన్న పాయింటు ఇదేనండి. ఈ పక్క కొత్త బ్యాచ్ పెట్టలు గుడ్డుకొచ్చింది ఒక్క ఫారంలోనే. ఆ చిన్న గుడ్లు ఎవరివో నాకు తెలుసు. ఎంతకిచ్చావురా అని రెండు సార్లు ఫోన్ చేశాను. వర్షాల గురించి మాట్లాడి పెట్టేశాడు.